ప్యాడ్, తలుపు గడియ, "సాయం చేయనా?" – హనుమకొండలో ఒక పాఠం డైరీ

ఎవరికి, ఎక్కడ

హనుమకొండలో కొందరు తల్లిదండ్రులు కలిసి నడుపుకుంటున్న చిన్న కేంద్రంలో నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. మేధో వైకల్యం ఉన్న నలుగురు ఆడపిల్లలకు నెలసరి పనులు, ఒంటి రక్షణ కలిపి నేర్పిన వివరాలు ఇవి. మగపిల్లల పాఠాలు మా సారు విడిగా చెప్తున్నారు, వాటి లెక్క ఆయన రాస్తారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లోనో, ఇంట్లోనో ఇదే పని మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. అందుకే ఏది పనిచేయలేదో, దేన్ని ఎందుకు మార్చామో ఎక్కువగా ఉంటుంది.

పిల్లల పేర్లు రాయను, అక్షరాలతో చెప్తాను.

- క: 13 ఏళ్లు. నెలసరి మొదలైంది. మాటలు బాగానే వస్తాయి.
- గ: 15 ఏళ్లు. డౌన్ సిండ్రోమ్. చూసి నేర్చుకోవడంలో చురుకు.
- చ: 16 ఏళ్లు. రెండు మూడు మాటలు, సైగలు, బొమ్మ కార్డులు. ఇంట్లో ఆమె పనులన్నీ నాయినమ్మ చేస్తుంది.
- త: 12 ఏళ్లు. ఇంకా నెలసరి రాలేదు.

త విషయంలో వాళ్ల అమ్మ అడిగింది: "ఇంక పెద్దమనిషే కాలే కద మేడం, గిప్పుడే ఎందుకు?" రొమ్ములు పెరగడం మొదలైన తర్వాత సుమారు రెండేళ్లకు మొదటి నెలసరి వస్తుంటుంది. తకు ఆ ఎదుగుదల మొదలై చాన్నాళ్లయింది. రక్తం అంటే దెబ్బ తగలడం అని మాత్రమే తెలిసిన పిల్లకు ముందే చెప్పకపోతే, ఆ రోజు ఒంట్లో ఎక్కడో గాయమైందనే అనుకుంటుంది. అదీకాక ఒక్కో మెట్టు నేర్వడానికి ఈ పిల్లలకు వారాలు పడుతుంది. ఆ సమయం వాళ్ల చేతిలో ఉండాలి.

దశ 1: నేర్పకముందు కొలత

ప్యాడ్ మార్చుకోవడాన్ని మొదట తొమ్మిది మెట్లుగా రాసుకున్నాం. "పాత ప్యాడ్ తీసి పారేయడం" అని ఒకే మెట్టు పెడితే పిల్లలు సగంలో ఆగిపోతున్నారు. ఊడదీస్తారు, దాన్ని చేతిలో పట్టుకుని నిలబడిపోతారు. దాన్ని మూడుగా విడగొట్టాం. గడియ పెట్టడాన్ని కూడా లోపలికి వెళ్లడం నుంచి వేరు చేశాం. చివరికి ఖాయమైన జాబితా ఇది:

1. ప్యాడ్ సంచి తీసుకుని బాత్రూంలోకి వెళ్లడం
2. గడియ పెట్టడం
3. ప్యాంటీ మోకాళ్ల దాకా దించుకోవడం
4. పాత ప్యాడ్ ఊడదీయడం
5. కాగితంలో చుట్టడం
6. మూత డబ్బాలో వేయడం
7. ముందు నుంచి వెనక్కి కడుక్కుని, బట్టతో ఒత్తుకోవడం
8. కొత్త ప్యాడ్ విప్పి, వెనక కాగితం తీయడం
9. ప్యాంటీ మీద అతికించి, రెక్కలు కిందికి మడవడం
10. ప్యాంటీ పైకి లాక్కుని బట్టలు సర్దుకోవడం
11. సబ్బుతో చేతులు కడుక్కోవడం
12. బట్టలు సర్దుగా ఉన్నాయో చూసుకుని, గడియ తీసి బయటికి రావడం

మాటతో గుర్తుచేయకుండా, వేలితో చూపకుండా, చెయ్యి పట్టకుండా చేసిన మెట్టుకే టిక్కు పెట్టాం. మొదటి కొలత వట్టి ప్యాడ్‌తో, బట్టల మీదుగా చేశాం. కడుక్కునే మెట్టుకు అమ్మ ఇంట్లో చూసి చెప్పినదే లెక్క.

క 5, గ 7, చ 2, త 4. మొత్తం 48లో 18.

చకు వచ్చిన ఆ రెండు మెట్లు బాత్రూంలోకి వెళ్లడం, చేతులు కడుక్కోవడం. మిగతా పది మెట్లూ నాయినమ్మే చేస్తుంది. పిల్ల చేతులు ఎత్తి నిలబడుతుంది.

ఇక్కడే ఇంకో కొలత కూడా తీసుకోవాల్సి వచ్చింది. మా కేంద్రంలో పెద్దవాళ్లు పిల్లల్ని ముట్టుకునే సందర్భాలు గమనించాం: జడ వేయడం, మూతి తుడవడం, చున్నీ సర్దడం, బాత్రూంలో సాయం. ముట్టుకునే ముందు పిల్లను అడిగారా, లేదా అని రాశాం. 20 సందర్భాల్లో అడిగినవి 3. ఆ మూడూ మాటలొచ్చే కతోనే. చను ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు.

ఆ కాగితం చూశాక మొత్తం ప్లాన్ మారింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరూ అడగకుండా ముట్టుకునే పిల్లకు, మధ్యాహ్నం క్లాసులో "ఎవరైనా ముట్టుకుంటే వద్దను" అని చెప్తే ఆమెకు అర్థం ఎలా అవుతుంది? ఎత్తమంటే చేతులెత్తడం, తిరగమంటే తిరగడం ఆమెకు పదహారేళ్లుగా వచ్చిన చదువు. ఒంటి రక్షణ పాఠాన్ని ఛార్టు మీద విడిగా చెప్పడం ఆపి, ప్యాడ్ పాఠంలోనే కలిపేశాం. గడియ ఎవరు తీయొచ్చు, లోపలికి ఎవరు రావొచ్చు, సాయం చేసేవాళ్లు ముందు ఏం అడగాలి అన్నవి బాత్రూంలోనే రోజూ ఎదురయ్యే ప్రశ్నలు.

దశ 2: పనిచేయని రెండు వస్తువులు

*ఛార్టు.* "మంచి స్పర్శ, చెడు స్పర్శ" అని నవ్వు ముఖం, ఏడుపు ముఖం ఉన్న ఛార్టులు రెండు కొన్నాం. గ అన్నిటికీ సరైన జవాబు చెప్పింది. నర్సు సూది వేస్తున్న బొమ్మ చూపిస్తే మాత్రం "చెడు" అంది. నొప్పి పుడుతుంది కాబట్టి ఆమె లెక్కలో అది సరైనదే. ఇంకో ప్రమాదం దీనికి తలకిందులుగా ఉంటుంది. చాక్లెట్ ఇచ్చి, ముద్దుగా మాట్లాడి హద్దు దాటేవాడు పిల్లకు చెడ్డగా అనిపించకపోవచ్చు. పిల్లలకు హాని చేసేవాళ్లు చాలావరకు తెలిసినవాళ్లే. అందుకని పిల్లకు ఎలా అనిపించింది అన్నదాని మీద నిలబడే పాఠం వీళ్లకు సరిపోదు. కంటికి కనిపించే నియమం కావాలి.

ఛార్టు తీసేసి నాలుగు నియమాలు పెట్టుకున్నాం:

1. ప్యాంటీ, బ్రా కప్పే భాగాలు నా సొంతం.
2. సాయం చేసేవాళ్లు ముందు అడగాలి.
3. నా ఫొటో జాబితాలో ఉన్నవాళ్లే బాత్రూంలో సాయం చేయాలి.
4. "ఎవరికీ చెప్పకు" అని ఎవరన్నా, వెంటనే చెప్పేయాలి.

శరీర పటం మీద రొమ్ములు, యోని, పిరుదులు, మలద్వారం అని మామూలుగానే రాశాం. ఇంట్లో వాడే మాటను కూడా పక్కన రాసుకున్నాం, ఎందుకంటే పిల్ల ఏదైనా చెప్పినప్పుడు ఆ మాటతోనే చెప్తుంది.

*గుడ్డ బొమ్మ.* బొమ్మకు ప్యాంటీ తొడిగి, దానికి ప్యాడ్ మార్పించాం. చ బొమ్మతో బాగా పని చేసింది. బొమ్మకు వర్తించే మెట్లలో దాదాపు అన్నీ చేసేసింది. మాకు చాలా సంతోషమేసింది. తర్వాత తన మీద తాను చేసుకోమంటే 12లో 3. మిగతా పిల్లల్లోనూ ఇదే తేడా, చలో మాత్రం మరీ ఎక్కువ. బొమ్మకు ప్యాడ్ మార్చేటప్పుడు ప్యాంటీ ఎదురుగా, పై నుంచి కనిపిస్తుంది. తన ఒంటి మీదైతే కిందికి వంగి చూడాలి, ముందూ వెనకా తలకిందులవుతాయి. చేతులకు అది వేరే పని.

బొమ్మ బదులు ఏం చేశామంటే, పెద్ద సైజు కాటన్ ప్యాంటీలు కొని, లెగ్గింగ్స్ మీదుగా తొడిగించాం. పిల్ల తన ఒంటి మీదే సాధన చేస్తుంది, ఎవరి ముందూ బట్టలు విప్పాల్సిన పని లేదు. మాకు ఇది చాలా ముఖ్యం. ఒంటి గౌరవం గురించి చెప్పే క్లాసులో పిల్లను అరనగ్నంగా నిలబెడితే, అంతవరకూ చెప్పిందంతా మనమే కొట్టేసినట్టు.

ఖర్చు: బొమ్మ 350, ఛార్టులు 240, పెద్ద ప్యాంటీలు 8కి 560, సాధన ప్యాడ్లు 210, బట్ట మార్కర్ 40, బీట్‌రూట్ 30. ఇప్పటికి మొత్తం రూ. 1,430. ఇందులో మొదటి రెండూ మీరు కొనక్కర్లేదు.

దశ 3: బట్టల మీద సాధన

రోజుకు పదిహేను నిమిషాలు, భోజనానికి ముందు. అంతకన్నా పొడిగిస్తే చ కార్డులు తిప్పేసి పడేస్తుంది. ఒక మెట్టు వరుసగా మూడు క్లాసుల్లో సాయం లేకుండా వస్తేనే తర్వాతి మెట్టు మొదలుపెట్టాం. గ తొందరగా ముందుకెళ్లినా, చ కోసం ఆమెను ఆపలేదు. గ కోసం చను తోయలేదు. ఎవరి కాగితం వాళ్లదే.

మెట్లను చివరి నుంచి వెనక్కి నేర్పాం. మొదట పదకొండు మెట్లూ టీచర్ సాయంతో జరుగుతాయి, పన్నెండోది పిల్ల సొంతంగా చేస్తుంది. అది కుదిరాక 11, 12 ఆమెవి. తర్వాత 10 కూడా. మొదటి మెట్టు నుంచి నేర్పినప్పుడు చ రెండో మెట్టు దగ్గరే చిక్కుకుని, మిగతా అంతా మా చేత చేయించుకుని విసుగ్గా బయటికొచ్చేది. వెనక నుంచి నేర్పితే ప్రతిసారీ పని ఆమె చేతులతోనే పూర్తవుతుంది. గడియ తీసుకుని బయటికొచ్చేది ఆమే.

ఈ దశలో మార్చినవి:

*అతికించే చోటు.* ప్యాడ్‌ను మరీ ముందుకో, మరీ వెనక్కో అతికిస్తున్నారు. ప్యాంటీ లోపల ప్యాడ్ ఆకారం చుట్టూ నల్ల మార్కర్‌తో గీత గీశాం. ముందు వైపు ఒక చుక్క పెట్టాం. గ, క వెంటనే కుదుర్చుకున్నారు. చకు గీత సరిపోలేదు. ఆకారం లోపలంతా పసుపు రంగు వేసి "పసుపు కనిపించొద్దు" అని చూపిస్తే కుదిరింది. రెండు ఉతుకులకు రంగు వెలిసిపోతుంది, మళ్లీ వేయాలి.

*రక్తం లాంటి రంగు.* మొదట ఎర్ర సిరా కలిపిన నీళ్లు వాడాం. అవి ప్యాడ్ మీద పోయగానే పూర్తిగా ఇంకి, పల్చగా పాకిపోయాయి. త చూసి ఏడ్చింది, మోకాలి దెబ్బ చూపించింది. బీట్‌రూట్ ఉడికించి, ఆ నీళ్లలో కాస్త గంజి కలిపి చిక్కగా చేస్తే మచ్చ నిజమైన దానికి దగ్గరగా వచ్చింది. త ముందే బీట్‌రూట్ తరిగి, రంగు తానే కలిపింది. ఆ తర్వాత భయపడలేదు. "ఇది నెలసరి. దెబ్బ లేదు. ప్యాడ్ పెట్టుకోవాలి" అనే మూడు మాటలు కార్డు మీద రాసి, ప్రతి క్లాసులో అవే చెప్పాం. రోజుకో రకంగా చెప్తే ఈ పిల్లలకు రోజుకో కొత్త పాఠం అవుతుంది.

*ఎప్పుడు మార్చాలి.* "నిండితే మార్చు" అని నేర్పాలనుకుని చిన్న మచ్చ, సగం, నిండుగా అని మూడు ప్యాడ్లు చూపించాం. గ తప్ప ఎవరూ నిలకడగా చెప్పలేకపోయారు. గడియారం చూడటం ఎవరికీ రాదు. ప్యాడ్ ఎలాగూ నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి కాబట్టి, రోజులో తప్పకుండా జరిగే పనులకు కట్టేశాం: పొద్దున స్నానం, మధ్యాహ్నం అన్నానికి ముందు, ఇంటికి చేరగానే, పడుకునే ముందు. రక్తం ఎక్కువ పోయే రోజుల్లో మధ్యలో ఇంకోసారి పెద్దవాళ్లు గుర్తుచేస్తారు.

*తాకిడి.* చ ప్యాడ్‌ను పీకేసేది. మొండితనం అనుకున్నారు ఇంట్లో. ఆమె ప్యాడ్ పై పొర వలలాంటి ప్లాస్టిక్‌ది, గరుగ్గా ఉంటుంది. మెత్తటి పై పొర ఉన్న రకానికి మార్చి, వట్టి రోజుల్లో ముందు పది నిమిషాలు, తర్వాత ఒక క్లాసు, తర్వాత పూట అలా పెంచుకుంటూ పోతే పీకడం తగ్గింది. గుడ్డ ప్యాడ్లు కూడా ప్రయత్నించాం. ఒంటికి హాయిగానే ఉన్నాయి, కానీ ఇంట్లో వాటిని ఎండలో ఆరేయడానికి ఒప్పుకోలేదు, మంచం కింద ఆరేశారు. తడి వాసన వస్తున్న గుడ్డ మళ్లీ వాడటం కన్నా కొన్న ప్యాడే మేలని ఆపేశాం.

ఈ దశ చివర కొలత: క 9, గ 11, చ 7, త 7. మొత్తం 48లో 34.

దశ 4: అడగడం, ఆగడం

ఈ దశలో నేర్వాల్సింది ఎక్కువగా పెద్దవాళ్లే.

1. పిల్ల ఎదురుగా వచ్చి నిలబడాలి. వెనక నుంచి చెయ్యి వేయొద్దు.
2. "సాయం చేయనా?" అని అడిగి, సాయం కార్డు చూపాలి.
3. మనసులో పది లెక్కపెట్టాలి.
4. "ఊఁ" అన్నా, కార్డు అందుకున్నా, తల ఊపినా సాయం చేయాలి.
5. "వద్దు" కార్డు చూపినా, చెయ్యి తోసినా, పక్కకు తిరిగినా ఆగాలి. కాసేపాగి మళ్లీ అడగాలి.
6. ఏం చేయబోతున్నామో చెప్పి, ఆ ఒక్క పనే చేయాలి.

మూడో మెట్టే అందరికీ కష్టం. పిల్లకు ప్రశ్న అర్థమై, జవాబు తయారవడానికి సమయం పడుతుంది. మనకు రెండు సెకన్లకే ఓపిక పోతుంది, చెయ్యి ముందుకెళ్తుంది. చ సగటున ఏడో ఎనిమిదో లెక్క దగ్గర కార్డు వైపు చూస్తుంది. ఇన్నేళ్లూ ఆమె జవాబు చెప్పదనే అందరూ అనుకున్నారు.

"వద్దు" నేర్పడం నిజంగా ఆపగలిగే పనులతో మొదలుపెట్టాం: పూలు పెట్టడం, గాజులు, పౌడరు. చ "వద్దు" కార్డు తీయగానే ఆపేశాం, ఒక్కసారి కూడా "అయ్యో, ఈ ఒక్కటీ పెట్టించుకో" అని బతిమాలలేదు. ఆపిన తర్వాతే కార్డుకు బలం వస్తుంది.

అప్పుడే కొత్త ఇబ్బంది వచ్చింది. చ అన్నిటికీ "వద్దు" కార్డు తీయడం మొదలుపెట్టింది. మందు వద్దు, స్నానం వద్దు, చెవి నొప్పికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే అక్కడా వద్దు. నాయినమ్మ మా మీద కోపంగా వచ్చింది: "మంచిగున్న పిల్లను మొండిదాన్ని చేసిండ్రు గదమ్మా!" ఆమె కోపంలో న్యాయం ఉంది. తప్పనిసరి పనులకు వేరే పద్ధతి పెట్టాం. ఆ పనుల్లో "వద్దు" కార్డు బదులు "ఏది?" కార్డు ఉంటుంది. స్నానం తప్పదు, కానీ ముందు తలా, కాళ్లా అన్నది చ చెప్తుంది. డాక్టరుకు విడిగా మూడు బొమ్మల కార్డు: అమ్మ లేదా నాయినమ్మ పక్కన ఉంటుంది, డాక్టరు ఏం చూస్తారో ముందు చెప్తారు, అయిపోగానే బట్టలు సర్దుకుంటాం. రెండు వారాలు గడిచేసరికి మందు దగ్గర గొడవ పోయింది. స్నానం దగ్గర ఇంకా ఉంది.

పెద్దవాళ్ల కొలత మళ్లీ తీశాం. 20 సందర్భాల్లో అడిగినవి 15. అడగని ఐదూ హడావుడి వేళలవే, ఆటో వచ్చి బయట హారన్ కొడుతున్నప్పుడు. ఆటో పది నిమిషాలు ఆలస్యంగా వచ్చేలా టైము మార్పించాం.

ఫొటో జాబితా కూడా ఇప్పుడే తయారైంది. ఒక్కో పిల్లకు ముగ్గురు, నలుగురు. ఫొటోలు ముందు పరిచి పిల్లనే ఎంచుకోమన్నాం. చ జాబితాలో నాయినమ్మ, అమ్మ, మా ఆయమ్మ. నా ఫొటోను పక్కకు జరిపింది. కాబట్టి ఆమెకు బాత్రూంలో నేను సాయం చేయను, ఆయమ్మే చేస్తుంది. నేను తలుపు బయట నుంచి కార్డుల వరుస మాత్రం చెప్తాను.

ఖర్చు: ఫొటో కార్డులు 48, లామినేషన్‌తో 480, వాటికి రింగులు 60. మొత్తం ఇప్పటికి రూ. 1,970.

దశ 5: తలుపు

రెండో మెట్టు ఎవరికీ పూర్తిగా రాలేదు. చాలాకాలం వేళ్లలో బలం లేదనుకున్నాం. చూస్తే మా బాత్రూం గడియ తుప్పు పట్టి, తలుపును భుజంతో నెడితే తప్ప జరగదు. పెద్దవాళ్లకు అలవాటైపోయి తెలియలేదు. వడ్రంగిని పిలిచి, తలుపు అంచు చిత్రిక పట్టించి, నడుము ఎత్తులో పెద్ద పిడి ఉన్న కొత్త గడియ వేయించాం. లోపల ఎవరైనా పడిపోతే తీయగలిగేలా బయట నుంచి స్క్రూడ్రైవర్‌తో విప్పే ఏర్పాటు ఉంది. మూర్ఛ వచ్చే పిల్లలు ఉన్నచోట ఇది తప్పనిసరి. గడియ మారిన వారంలోనే క, గ, త ముగ్గురికీ రెండో మెట్టు వచ్చింది.

చ ఇంటి బాత్రూం పెరట్లో ఉంది. తలుపు లేదు, పాత చీర పరదా. గడియ పెట్టడం నేర్పి ఇంటికి పంపితే అక్కడ గడియే లేదు! వాళ్ల బాపుతో ఈ సంగతి మాట్లాడటానికి అమ్మకు మొహమాటం. నేను ఇంటికెళ్లి మెట్ల కాగితం చూపించి, పన్నెండులో రెండో దానికి ఇంట్లో చోటు లేదని చెప్పాను. ఆయన చాలాసేపు కాగితం చూసి, "రేకు తలుపు నేనే బిగిస్త మేడం" అన్నారు. బిగించారు.

నెలసరి రోజుల్లో చను ఇంట్లో మూలకు కూర్చోబెడతారు. ఎందుకో తెలియక ఆమెకు అది శిక్షలా ఉండేది. బాత్రూంకు వెళ్లడానికి కూడా లేచేది కాదు. ఇంటి ఆచారం మీద నాయినమ్మతో వాదన పెట్టుకోలేదు. రెండే కోరాను: లేవొద్దని ఎవరూ అనకూడదు, సబ్బు, నీళ్ల బక్కెట్ ఆమెకు అందాలి. ఒప్పుకుంది. తర్వాత కూర్చునే చోటును ఆమే బాత్రూం దగ్గరికి మార్చింది.

ఖర్చు: గడియలు 120, వడ్రంగి 300, మూత డబ్బాలు రెండు 320, ప్యాడ్ సంచులు నాలుగు 360. మొత్తం రూ. 3,070.

దశ 6: నిజమైన నెలసరి

వట్టి ప్యాడ్‌తో 8 దాకా వచ్చిన చ, అసలు రోజున 6కి పడిపోయింది. కడుపు నొప్పి, చేతికి అంటిన తడి రెండూ ఆమెను ఆపేశాయి. చేతికి రక్తం అంటగానే నాలుగో మెట్టు దగ్గర నిలబడిపోయి, చెయ్యి దూరంగా పెట్టుకుంది. ఐదో మెట్టుకు ముందు "చెయ్యి తుడుచుకో" అని ఒక తడిగుడ్డ కార్డు చేర్చాం, ఆమె ఒక్కదానికే.

నొప్పి సంగతి క్యాలెండర్ పట్టించింది. చ పొత్తి కడుపు మీద కొట్టుకుని ఏడ్చిన రోజులను అమ్మ క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టింది. మూడు నెలలు చూస్తే, ప్రతిసారీ నెలసరికి ఒక రోజు ముందే. దాన్ని పెంకితనం అనుకుని గదమాయించేవాళ్లు. ఇప్పుడు "కడుపు నొప్పి" కార్డు ఉంది, డాక్టరు రాసిచ్చిన మాత్ర ఉంది, వేడినీళ్ల సంచి ఉంది.

ఈ దశలోనే క వాళ్ల అమ్మ గర్భసంచి తీయించేద్దామా అని అడిగింది. "నా తర్వాత దీన్ని ఎవలు చూస్తరు మేడం" అని ఏడ్చింది. ఆ భయాన్ని తేలిక చేయలేను. కానీ గర్భసంచి తీసినంత మాత్రాన పిల్ల మీద దౌర్జన్యం ఆగదు, జరిగినా బయటపడే దారి మూసుకుపోతుంది. పెద్ద ఆపరేషన్ ప్రమాదం వేరే. 1994లో శిరూర్ ప్రభుత్వ హోంలోని మేధో వైకల్యం ఉన్న ఆడవాళ్లకు పుణె సాసూన్ ఆసుపత్రిలో గర్భసంచులు తీసినప్పుడు కూడా శుభ్రత పేరే చెప్పారు, దేశమంతా అభ్యంతరం వచ్చింది. ఇవన్నీ చెప్పి, క మెట్ల కాగితం చూపించాను. అప్పటికి ఆమె 10లో ఉంది. మిగతా రెండూ వచ్చేదాకా ఆ మాట ఎత్తనంది.

దశ 7: చెప్పడం, విన్నాక ఏం చేయాలి

"చెప్పాలి" అని నేర్పేముందే, పిల్ల చెప్తే మేమేం చేస్తామో రాసి గోడకు అంటించాం. మొదటి రాతలో "ముందు తల్లిదండ్రులను పిలిపించి మాట్లాడాలి" అని ఉంది. కొట్టేశాం. చేసినవాడు ఇంట్లోనే ఉండొచ్చు. ఇప్పుడున్నది:

1. విను. "నిజమేనా?" అనొద్దు. మళ్లీ మళ్లీ అడగొద్దు, జవాబు నోట్లో పెట్టొద్దు.
2. పిల్ల అన్న మాట, చూపిన కార్డు, సైగ ఉన్నదున్నట్టు రాయాలి. తేదీ, టైము వేయాలి.
3. పోలీసులకు అదే రోజు చెప్పాలి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా చెప్పొచ్చు. పోక్సో చట్టం, 2012లో 19వ సెక్షన్ ప్రకారం ఇది మన బాధ్యత, ఎవరి అనుమతీ అక్కర్లేదు.
4. వాంగ్మూలం తీసుకునేటప్పుడు పిల్ల భాష తెలిసిన స్పెషల్ ఎడ్యుకేటర్ కావాలని అడగాలి. 26వ సెక్షన్ అందుకు వీలిస్తుంది. పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదని 24వ సెక్షన్ చెప్తుంది.
5. బట్టలు ఉతకొద్దు, స్నానం చేయించొద్దు. వైద్య పరీక్షకు పనికొస్తాయి.

పిల్లలతో సాధన ఇలా: టీచర్ ఫోన్లో మాట్లాడుతూ, కూరగాయలు తరుగుతూ పట్టించుకోనట్టు ఉంటుంది. పిల్ల వచ్చి "చెప్పాలి" కార్డు ఇవ్వాలి. వినకపోతే జాబితాలో రెండో మనిషి దగ్గరికి వెళ్లాలి. నలుగురూ మొదటి మనిషి దగ్గరే ఆగిపోయారు. కార్డు ఇచ్చాం కదా, పని అయిపోయిందన్నట్టు వెళ్లి కూర్చున్నారు. వినే మనిషి ఆ కార్డు తీసుకుని బదులుగా "విన్నాను" అనే ఆకుపచ్చ బిళ్ల ఇవ్వాలని మార్చాం. బిళ్ల చేతికి వచ్చేదాకా తిరగాలి. గ, క ఇప్పుడు మూడో మనిషి దాకా వెళ్తున్నారు. చ రెండో మనిషి దాకా. త ఇంకా మొదటి దగ్గరే.

కొత్త మనిషిని పంపి చాక్లెట్ ఆశ చూపించి పరీక్షించమని ఒక తండ్రి సలహా ఇచ్చారు. వద్దన్నాం. అది నాటకమని తెలిశాక పిల్లకు మా మీద నమ్మకం పోతుంది, తెలియకపోతే భయం మిగులుతుంది. అందరికీ ముందే తెలిసిన నటనతోనే చేస్తున్నాం. క్లాసులో చేసినది బయట నిజంగా అవసరమైనప్పుడు వస్తుందని అందువల్ల ఖాయంగా చెప్పలేం. కాబట్టి పిల్లకు పాఠం వచ్చేసిందని పెద్దవాళ్ల కాపలా తగ్గించడానికి లేదు. షేర్ ఆటోలో చ ఇప్పటికీ అంచున, పక్కన ఆయమ్మతోనే కూర్చుంటుంది.

ప్రస్తుత లెక్క

- క 10, గ 12, చ 10, త 8 (వట్టి ప్యాడ్‌తో). మొత్తం 48లో 40.
- చ కేంద్రంలో 10, ఇంట్లో 9.
- పెద్దవాళ్లు అడిగి ముట్టుకున్నవి: 20లో 17.
- ఖర్చు రూ. 3,070, ఆకుపచ్చ బిళ్లలు 40 కలిపి రూ. 3,110. నెలనెలా ప్యాడ్లు అదనం.

చకు మిగిలినవి రెండు. తొమ్మిదో మెట్టులో రెక్కలు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి, ఆమెకు రెక్కలు లేని రకం పెట్టి చూడాలి. ఏడో మెట్టులో ముందు నుంచి వెనక్కి అన్నది ఇంకా నిలకడగా రావట్లేదు. ఇది బట్టల మీద సాధన చేయలేని మెట్టు, క్లాసులో నేర్పేదీ కాదు. ఇంట్లో నాయినమ్మే, ముందు అడిగి, ఒక చెయ్యి మీద చెయ్యి వేసి చూపిస్తోంది. పది లెక్కపెట్టడం ఆమె మరిచిపోతోందని చ అమ్మ చెప్పింది.

బతుకమ్మకు ముందు చేయాల్సిన పని ఇంకొకటి. ఆ తొమ్మిది రోజులూ పిల్లలు చుట్టాల ఇళ్లలో ఉంటారు. గడియ వేరు, బక్కెట్ వేరు, చెత్త డబ్బా ఉంటుందో లేదో తెలియదు. వచ్చే వారం నుంచి రెండు వేరే బాత్రూంలలో సాధన పెడుతున్నాం: ఒకటి క వాళ్ల ఇంట్లో, ఒకటి కేంద్రం పక్కనున్న ఫంక్షన్ హాల్లో. సంచిలో రెండు ప్యాడ్లు, పాత న్యూస్‌పేపర్ ముక్కలు, తడిగుడ్డ, చిన్న సబ్బు, ఒక ప్యాంటీ, కార్డుల రింగు ఉంటాయి. డబ్బా లేని చోట చుట్టిన ప్యాడ్‌ను వేసుకోవడానికి ఒక జిప్ కవర్ కూడా చేర్చి, ఆరో మెట్టు కార్డుకు రెండో బొమ్మ గీయించాలి.